20, 5, 0.75: ఈ మూడూ దేనిలో సమానం?

20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ = 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ = 0.75 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్. మెడిసిన్, ఫార్మసీ, నర్సింగ్ చదివినవాళ్లందరూ బట్టీ పట్టిన స్టెరాయిడ్ మందుల లెక్కే ఇది. ఈ లెక్క ప్రకారం హైడ్రోకార్టిసోన్ కన్నా ప్రెడ్నిసొలోన్ బలం 4 రెట్లు, డెక్సా బలం 25 రెట్ల పైమాటే. అయితే ఇది వాపును తగ్గించే బలానికి కట్టిన లెక్క. ఒంట్లో ఉప్పును నిలిపే గుణం గానీ, ప్రభావం ఎంతసేపు ఉంటుందన్నది గానీ ఇందులో లేవు. మందు ఎంచుకోవడంలో పొరపాట్లు చాలావరకు ఇక్కడే జరుగుతాయి.

ఒక కేసు అనుకుందాం. 45 ఏళ్ల మనిషికి టీబీ మందులు మొదలుపెట్టి పది రోజులైంది. అంతకు ముందునుంచే నీరసం, ఒళ్లు నల్లబడటం, ఉప్పు మీద యావ ఉన్నాయి. ఇప్పుడు వాంతులతో క్యాజువాలిటీకి వచ్చాడు. బీపీ 80/50, సోడియం 122, పొటాషియం 6.1. టీబీ అడ్రినల్ గ్రంథులను తినేసింది. వాటిలో అరకొరగా తయారవుతున్న కార్టిసాల్ హార్మోన్‌ను కూడా టీబీ మందైన రిఫాంపిసిన్ వల్ల లివర్ త్వరత్వరగా కరిగించేస్తోంది. అందుకే సరిగ్గా ఈ పది రోజుల్లోనే పడిపోయాడు.

ట్రేలో డెక్సా చేతికందేలా ఉంది. 4 మిల్లీగ్రాములు ఇస్తే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్‌కి సరిపోతుందని లెక్క చెబుతుంది. కార్టిసాల్ లోటు వరకు అది నిజమే. కానీ ఈ మనిషికి, అవే గ్రంథుల్లో తయారై ఒంట్లో ఉప్పును నిలిపే ఆల్డోస్టిరాన్ హార్మోన్ కూడా లేదు. కిడ్నీలు సోడియాన్ని వదిలేస్తూ, పొటాషియాన్ని పట్టి ఉంచుతున్నాయి. డెక్సాకి ఉప్పును నిలిపే గుణం దాదాపు సున్నా కాబట్టి ఆ రెండో లోటు అలాగే ఉండిపోతుంది.

హైడ్రోకార్టిసోన్ అంటే మన ఒంట్లో ఉండే కార్టిసాలే. మామూలు మోతాదులో దాన్ని కిడ్నీలోని ఒక ఎంజైమ్ నిర్వీర్యం చేస్తుంది, అందుకే ఉప్పు మీద ప్రభావం పెద్దగా కనిపించదు. మోతాదు పెరిగితే ఆ ఎంజైమ్ చాలక, మిగిలిన కార్టిసాల్ ఆల్డోస్టిరాన్ పని కూడా చేస్తుంది. రోజుకు 50 మిల్లీగ్రాములు దాటితే ఉప్పును నిలిపే ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్ర విడిగా అక్కర్లేదనేది ఇందుకే. కాబట్టి ఇతనికి కార్టిసాల్ పరీక్షకి రక్తం తీసి, రిపోర్టు కోసం ఆగకుండా 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ నరానికి ఇవ్వాలి, నార్మల్ సెలైన్ వేగంగా ఎక్కించాలి. ఆ తర్వాత 24 గంటల్లో 200 మిల్లీగ్రాములు. దీని ప్రభావం 8 నుంచి 12 గంటలే కాబట్టి దాన్ని 6 గంటలకోసారి విడగొట్టి గానీ, డ్రిప్‌లో గానీ ఇస్తారు. హైడ్రోకార్టిసోన్ దొరక్కపోతే మాత్రం ఏమీ ఇవ్వకుండా కూర్చోవడం కన్నా సెలైన్‌తో పాటు డెక్సా ఇవ్వడం మేలు.

మెదడులో గడ్డ చుట్టూ నీరు చేరిన పేషెంటుకి ఇదే లెక్క తిరగబడుతుంది. డెక్సా 4 మిల్లీగ్రాముల చొప్పున 6 గంటలకోసారి, అంటే రోజుకు 16. అదే బలం హైడ్రోకార్టిసోన్‌తో తేవాలంటే 400 మిల్లీగ్రాములు దాటాలి. దాంతో ఉప్పూ నీరూ చేరి బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. ఇక్కడ డెక్సాకి ఉప్పు గుణం లేకపోవడమే కలిసొస్తుంది.

అలాగని నెలల తరబడి డెక్సా వాడరు. దాని ప్రభావం 36 నుంచి 72 గంటలు. ఈరోజు వేసిన మాత్ర రేపు, ఎల్లుండి కూడా అడ్రినల్ గ్రంథులను నిద్రపుచ్చుతూనే ఉంటుంది. ప్రెడ్నిసొలోన్‌ది 12 నుంచి 36 గంటలు, ఉప్పు గుణం కూడా ఓ మోస్తరే. పొద్దున్నే ఒక్కసారి వేసుకుంటే చాలు. తర్వాత్తర్వాత రోజు విడిచి రోజు ఇచ్చి, ఆ ఖాళీ రోజున గ్రంథులకి కాస్త ఊపిరి ఇవ్వచ్చు. ఆస్తమా, కీళ్లవాతం, పిల్లల నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో ప్రెడ్నిసొలోన్‌కే మొగ్గు చూపేది అందుకే. నా ఓటూ దానికే.

కీళ్ల నొప్పులకి పేరులేని మాత్రలు వాడేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. వాటిలో కొన్నిట్లో డెక్సా కలుస్తుంది. అలాంటి మాత్రలు నెలలకొద్దీ మింగి హఠాత్తుగా మానేసినవాళ్లు కూడా బీపీ పడిపోయి వస్తారు. వాళ్లలో మొహం గుండ్రంగా ఉబ్బి ఉండొచ్చు, చర్మం నల్లబడదు. సోడియం తగ్గినా పొటాషియం సాధారణంగా పెరగదు, ఎందుకంటే వాళ్ల ఆల్డోస్టిరాన్ బాగానే ఉంది. వాళ్లకీ మొదట ఇచ్చేది హైడ్రోకార్టిసోనే గానీ, ఇంటికి పంపేటప్పుడు ఫ్లూడ్రోకార్టిసోన్ రాయనక్కర్లేదు. టీబీ పేషెంటుకి మాత్రం అది రాయాల్సిందే, రిఫాంపిసిన్ నడిచినన్నాళ్లూ హైడ్రోకార్టిసోన్ మోతాదు కూడా పెంచే ఉంచాలి.