వీడియో కాల్‌లో స్క్రీన్‌షాట్: ఒక అమ్మమ్మ వాడి చూసి చెబుతున్న మాట

మనవరాలు విదేశంలో ఉంటుంది. కాల్ కట్ అయ్యాక చూసుకోవడానికి ఏమీ మిగలట్లేదని నేను గొణుగుతుంటే, మా అమ్మాయి స్క్రీన్‌షాట్ తీయడం నేర్పింది. చాలాకాలంగా వాడుతున్నాను. పనికొస్తుంది, కానీ నేర్పేవాళ్ళు చెప్పినంత సులువు మాత్రం కాదు.

నాది ఆండ్రాయిడ్ ఫోన్. "పవర్ బటన్, సౌండ్ తగ్గించే బటన్ రెండూ ఒకేసారి నొక్కి వెంటనే వదిలెయ్ అమ్మా" అంది. ఆ 'ఒకేసారి' దగ్గరే తంటా అంతా. పవర్ ముందు పడిందా, స్క్రీన్ ఆరిపోతుంది. అటువైపు నా బొమ్మ ఆగిపోయి "అమ్మమ్మా, ఎక్కడికెళ్ళావ్?" అని పాప గోల. సౌండ్ బటన్ ముందు పడితే పాప గొంతు తగ్గిపోతుంది, పైగా స్క్రీన్ పక్కన సౌండ్ గీత ఒకటి లేచి ఫొటోలోకి కూడా వచ్చేస్తుంది. వేళ్ళు బిగుసుకుపోయే వయసులో ఇది కాస్త కష్టమే. ఫోన్‌ని దేనికైనా ఆనించి, రెండు వేళ్ళూ ముందే బటన్ల మీద ఆనించి ఉంచుకుంటే నయం.

తర్వాత తెలిసింది, నా ఫోన్‌లో మూడు వేళ్ళతో స్క్రీన్ మీద పైనుంచి కిందికి గీసినా చాలట. అన్ని ఫోన్లలో ఉండదు. సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట స్క్రీన్‌షాట్ అని కొడితే మీ ఫోన్‌లో ఏ పద్ధతి ఉందో కనిపిస్తుంది. ఇప్పుడు నేను ఎక్కువగా వాడేది ఇదే. మూడు వేళ్ళూ కలిసి తగలకపోతే మాత్రం ఫొటో పడదు, కాల్ బటన్లు కనబడటమో మాయమవడమో జరుగుతుంది, అంతే.

అసలు సంగతి ఫొటో నాణ్యత. మొదట్లో నా చెయ్యి వణికి ఫొటో మసకగా వస్తోందనుకుని ఊపిరి బిగబట్టి నొక్కేదాన్ని. చెయ్యికీ దీనికీ సంబంధమే లేదు. ఇది కెమెరా కాదు కదా, ఆ క్షణాన స్క్రీన్ మీద ఏముందో అదే పడుతుంది. అంటే అటువైపు ఫోన్ కదలకూడదు, పాప కదలకూడదు, నెట్ బాగుండాలి. నెట్ మందగిస్తే వీడియో ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది, ఫొటోలోనూ ఆ ముక్కలే.

పాపకి కింది పన్ను ఊడిన రోజు చూపించాలని తెగ ఉబలాటపడింది. పాప వెనకాల కిటికీ ఉంది, మొహం నల్లగా పడుతోంది. "దాన్ని కిటికీ వైపు తిప్పవే" అన్నాను. అమ్మాయి తిప్పి, ఫోన్‌ని గోడకి ఆనించింది. స్క్రీన్ నిండా నా మొహమే ఉంటే మూలనున్న చిన్న పెట్టెని తాకాను, పాప పెద్దగా వచ్చింది. ఖాళీ చోట ఒకసారి తాకితే కింది బటన్లు కూడా పోయాయి. ఇక "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి నొక్కితే ఏమైంది? నా 'మూడు' అక్కడికి చేరి, పాప నోరు తెరిచి, ఆ బొమ్మ నా దగ్గరికి వచ్చేసరికి ఆలస్యమయ్యి, ఫొటోలో మూసిన నోరే పడింది. అందుకే లెక్కలు మానేశాను. "నేను చాలు అనేదాకా అలాగే ఉండమ్మా" అని చెప్పి, నోరు తెరిచినట్టు నా స్క్రీన్ మీద కనిపించాక వరసగా మూడు నాలుగు తీశాను. ఒక దాంట్లో పళ్ళ మధ్య ఖాళీ చక్కగా కనిపించింది. మిగతావి కాల్ అయ్యాక తీసేశాను, లేకపోతే ఫోన్ నిండిపోతుంది.

ఫొటోలు గ్యాలరీలో Screenshots అనే ఫోల్డర్‌లో ఉంటాయి. నా ఫోన్‌లో వాటి పేరు Screenshot_20250309-203415 తరహాలో ఉంటుంది: ముందు తేదీ, తర్వాత టైము. పన్ను ఎప్పుడు ఊడిందని అడిగితే ఆ పేరు చూసి చెప్పేస్తాను. ఆ టైము నా ఫోన్‌ది, వాళ్ళ ఊరిది కాదు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ పేరు మారిపోతుంది, బొమ్మ కూడా కాస్త తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే రెండూ అలాగే ఉంటాయి.

ఇంకోటి: బ్యాకప్ ఆన్‌లో ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. చాలా ఫోన్లలో అది కెమెరా ఫొటోలనే దాచిపెడుతుంది, ఈ ఫోల్డర్‌ని విడిగా ఆన్ చెయ్యాలి. ఫోన్ మార్చే ముందు మా అబ్బాయి చూశాడు కాబట్టి సరిపోయింది.

లోటు ఒక్కటే, నవ్వు వినబడదు. దానికి స్క్రీన్ రికార్డింగ్ ఉందట, అందులో మాటలు రికార్డవ్వడం ఫోన్‌ని బట్టి మారుతుందని అమ్మాయి చెప్పింది. నేనింకా ఆ జోలికి పోలేదు.