ప్రొడక్ట్ ఫోటోలు స్టూడియోకి ఇస్తున్నారా? చిన్న సైజు ఫైళ్లు చూడకుండా బ్యాలెన్స్ కట్టకండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు చీరలు, పంచెలు, చేతిపని సామాన్లు ఆన్‌లైన్లో అమ్ముకునేవాళ్లంతా ఇది ఒకసారి చదవండి. ముఖ్యంగా పండగ సీజన్ ముందు ఫోటోషూట్‌కి అడ్వాన్స్ ఇవ్వబోతున్నవాళ్లు. స్టూడియో పేరు రాయను, ఎందుకంటే ఇది ఒక్క షాపులో జరిగేది కాదు. పెళ్లి ఆల్బమ్‌లు చేసే చేత్తోనే వెబ్ ఫోటోలు కూడా చేసిచ్చే చాలా చోట్ల ఇదే వరస.

మేం అమ్మేది పొందూరు సన్న ఖద్దరు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో వడికి, మగ్గం మీద నేసిన బట్ట. చేతి నూలు కాబట్టి పోగు అక్కడక్కడా కొంచెం లావు, కొంచెం సన్నం ఉంటుంది, ఆ ఎగుడుదిగుడే దాని అందం, చేతికి మాత్రం మెత్తగా ఉంటుంది. స్టూడియోవాళ్లు తీసిన పెద్ద ఫోటోల్లో అది చక్కగా వచ్చింది కూడా. కానీ వాట్సాప్ కేటలాగ్ కోసం వాళ్లు చిన్నవి చేసిచ్చిన ఫైళ్లలో అదే చీర గోనెసంచిలా కనబడింది. పాత కస్టమర్ ఒకావిడ ఫోన్ చేసి "ఏటి బాబూ, సన్న నూలని చెప్పి మోటు గుడ్డ పెట్టావేటి?" అని అడిగారు. ఆవిడకి బట్ట తెలుసు కాబట్టి అడిగారు. తెలియనివాళ్లు అడగరు, చూసి వెళ్లిపోతారు.

తేడా ఎక్కడుందో పంచె అంచు దగ్గర బాగా తెలుస్తుంది. మా పంచెకి మెరూన్ రంగు సన్న గీత అంచు. ఫైల్‌ని 100 శాతం జూమ్‌లో, అంటే ఫోటోలోని ఒక్కో పిక్సెల్ స్క్రీన్‌లో ఒక్కో పిక్సెల్‌గా కనబడేలా పెట్టి చూస్తే, మెరూన్ గీత దాదాపు నల్లగా మారిపోయింది. దానికి రెండు పక్కలా సున్నం కొట్టినట్టు తెల్లటి చార. బట్ట అసలు రంగు లేత మీగడ రంగు, ఆ చార మాత్రం తెల్ల కాగితం తెలుపు. మడతల దగ్గరా అంతే. ఇక ఒంటి భాగంలో పోగు లావుగా ఉన్న ప్రతిచోటా ఒక నల్ల చుక్క, పక్కన ఒక తెల్ల చుక్క. గరుకుగా కనబడటానికి కారణం అదే.

ఇది కెమెరా తప్పు కాదు, లైటింగ్ తప్పూ కాదు. సైజు తగ్గించాక వేసిన షార్పెనింగ్, అంటే గీతలు పదునుగా కనబడేలా చేసే ఎడిటింగ్, దాని తప్పు. ఎడిటింగ్ చేసిన అబ్బాయిని కూర్చోబెట్టి అడిగితే సెట్టింగ్ చూపించాడు: ఫోటోషాప్‌లో Unsharp Mask, అమౌంట్ 200 శాతం, రేడియస్ 2.5, త్రెషోల్డ్ 0. ఆల్బమ్ పేజీలకి ఎప్పట్నుంచో వాడుతున్న యాక్షన్ అట, అంటే ఒకసారి రికార్డు చేసి పెట్టుకున్న సెట్టింగుల వరస, దాన్నే చిన్న ఫైళ్లన్నిటి మీదా బ్యాచ్‌లో తోలేశారు. "క్రిస్ప్‌గా ఉంటేనే ఫోన్లో ఎత్తి కనబడతాదండి" అన్నాడు. పాపం ఆ కుర్రాడికి వేరేలా ఎవరూ నేర్పలేదు.

అన్‌షార్ప్ మాస్క్ చేసేది ఇంతే: ఫోటోకి మసకగా ఉన్న ఒక కాపీ తయారుచేస్తుంది, అసలు ఫోటోకీ మసక కాపీకీ ఉన్న తేడాని తీసుకుంటుంది, ఆ తేడాని పెంచి అసలు ఫోటోకి కలుపుతుంది. ఎంత దూరం మసక చెయ్యాలో రేడియస్ చెబుతుంది, తేడాని ఎంత పెంచి కలపాలో అమౌంట్ చెబుతుంది. రేడియస్ లెక్క పిక్సెళ్లలో ఉంటుంది, అసలు చిక్కంతా అక్కడే. మా ఒరిజినల్ 4000 బై 6000 పిక్సెళ్లు, చిన్న ఫైల్ 800 బై 1200. అంటే అయిదో వంతు. పెద్ద ఫైల్లో 20 పిక్సెళ్ల మందం ఉన్న మెరూన్ గీత చిన్న ఫైల్లో 4 పిక్సెళ్లే. పెద్ద ఫైల్లో 2.5 రేడియస్ అనేది కంటికి ఆనని సన్న గీత, ప్రింట్‌లో కలిసిపోతుంది. చిన్న ఫైల్లో అదే 2.5, పెద్ద ఫైల్లో 12.5తో సమానం. 4 పిక్సెళ్ల గీతకి రెండువైపులా అంత దూరం పాకే షార్పెనింగ్ వేస్తే ఇక గీత ఎక్కడ మిగులుతుంది?

అంకెల్లో చూడండి. బట్ట వెలుగు 210, అంచు 90 అనుకోండి, 0 అంటే నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. రేడియస్ 2.5 పెడితే అంచుని ఆనుకుని ఉన్న బట్ట పిక్సెల్ మసక కాపీలో సుమారు 160కి దిగుతుంది. తేడా 50. అమౌంట్ 200 శాతం కాబట్టి 100 కలుస్తుంది, 310 అవుతుంది, కానీ 255 దాటి వెళ్లదు కాబట్టి అక్కడ తెగిపోతుంది. ఆ తెల్ల చార అలా పుట్టింది. ఇవతల అంచు పిక్సెల్ 90 నుంచి 100 తగ్గి సున్నాకి పడిపోతుంది, మెరూన్ నల్లబడింది అందుకే. అదే రేడియస్ 0.5, అమౌంట్ 80 శాతం పెడితే మసక కాపీలో ఆ బట్ట పిక్సెల్ సుమారు 197 దగ్గర ఉంటుంది. తేడా 13, కలిసేది 10. 210 కాస్తా 220 అవుతుంది, 90 కాస్తా 80 అవుతుంది, అదీ ఒక్క పిక్సెల్ వెడల్పులో. కంటికి గీత తేటగా కనబడుతుంది తప్ప చార కనబడదు.

అసలు షార్పెనింగ్ ఎందుకు వెయ్యాలి అని కొందరు అడుగుతారు. వెయ్యాలి. సైజు తగ్గించినప్పుడు పక్కపక్క పిక్సెళ్లని కలిపి సగటు తీస్తారు కాబట్టి సన్న వివరాల మధ్య తేడా తగ్గి ఫోటో కొంచెం మెత్తబడుతుంది. ఆ పోయిన కొంచెం తిరిగి తేవడం వరకే దీని పని. అందుకే సైజు తగ్గించాక, అన్నిటికన్నా చివర్లో వెయ్యాలి. పెద్ద ఫైల్ మీద ముందే రేడియస్ 1తో వేసి తర్వాత అయిదో వంతుకి తగ్గిస్తే ఆ పని 0.2 పిక్సెల్‌కి కుదించుకుపోయి దాదాపు మాయమవుతుంది. ఇంకో సంగతి, ఫోటోషాప్‌లో సైజు తగ్గించేటప్పుడు Bicubic Sharper ఎంచుకుంటే అందులోనే కొంత షార్పెనింగ్ పడిపోతుంది. దాని మీద మళ్లీ వేస్తే రెట్టింపు.

ఒరిజినల్స్ ఇమ్మంటే ముందు ఎక్స్‌ట్రా డబ్బులు అడిగారు, గట్టిగా మాట్లాడాకే ఇచ్చారు. వాటిని గింప్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మేమే మళ్లీ చేసుకున్నాం, అది ఉచితం. Image మెనూలో Scale Image తో సైజు తగ్గించి, ఆ తర్వాత Filters లో Enhance కింద ఉన్న అన్‌షార్ప్ మాస్క్. అక్కడ రేడియస్ డిఫాల్ట్‌గా 3 ఉంటుంది, వెబ్ సైజుకి అది చాలా ఎక్కువ, ముందు దాన్ని దించాలి. అమౌంట్ అక్కడ శాతాల్లో ఉండదు, 0.8 అంటే 80 శాతం.

విలువలు ఎంచుకునే పద్ధతి చెబుతాను, ఊహ మీద వదలకండి. మొదట అమౌంట్‌ని కావాలనే బాగా పెంచండి, గింప్‌లో 3 దాకా. ఫోటో ఘోరంగా కనబడుతుంది, కంగారు పడకండి, చారలు ఎంత వెడల్పు పాకుతున్నాయో కనబడటానికే అలా పెట్టడం. ఇప్పుడు 100 శాతం జూమ్‌లో అంచు దగ్గర చూస్తూ రేడియస్‌ని తగ్గిస్తూ రండి. చార ఒక్క పిక్సెల్‌కి సన్నబడిన చోట ఆగండి. 800 నుంచి 1200 పిక్సెళ్ల ఫోటోలకి అది మామూలుగా 0.3, 0.6 మధ్యలో ఎక్కడో వస్తుంది. రేడియస్ కుదిరాక దాన్ని ముట్టుకోకుండా అమౌంట్‌ని వెనక్కి దించండి, చార పూర్తిగా కలిసిపోయి నేత మాత్రం తేటగా ఉన్నచోటికి. మా చీరలకి రేడియస్ 0.5, అమౌంట్ 0.7 దగ్గర సరిపోయింది. పంచె క్లోజప్‌లకి అమౌంట్ 0.9 దాకా తట్టుకుంది. మొహం కూడా ఉన్న మోడల్ ఫోటోలకి ఇంకా తగ్గించాల్సి వచ్చింది, లేకపోతే చర్మం మీద రంధ్రాలన్నీ లేచి నిలబడతాయి.

త్రెషోల్డ్ గురించి ఒక్క మాట. ఎంతకన్నా తక్కువ తేడా ఉంటే వదిలెయ్యాలో అది చెబుతుంది. వెనక సాదా గోడలో మచ్చమచ్చగా నాయిస్ లేస్తుంటే ఫోటోషాప్‌లో 2 లేదా 3 పెట్టండి. నాయిస్ పోవాలని 10, 12 పెట్టేస్తే మాత్రం ఖద్దరు నేతలో ఉండే చిన్న తేడాలు కూడా దాని కిందకే వచ్చేస్తాయి. అంచు ఒక్కటే పదునుగా ఉండి ఒళ్లంతా ప్లాస్టిక్‌లా నున్నగా అవుతుంది. చేనేతకి అంతకన్నా అన్యాయం లేదు.

ఇది బాగుచెయ్యలేనివీ ఉన్నాయి. ఫోకస్ తప్పిన ఫోటోని ఏ రేడియస్ కూడా నిలబెట్టదు. సన్న నేత చిన్న సైజులో అలలు అలలుగా, లేని గళ్లు ఉన్నట్టు కనబడితే అది సైజు తగ్గించడంలో వచ్చిన చిక్కు, షార్పెనింగ్ దాన్ని ఇంకా ఎత్తి చూపిస్తుంది. అలాంటప్పుడు సైజు తగ్గించే చోట ఇంటర్‌పోలేషన్ అనే పద్ధతిని మార్చో, కొంచెం వేరే సైజుకో మళ్లీ తగ్గించి చూడాలి. 255 దగ్గర తెగిపోయిన తెలుపు, సున్నాకి పడిపోయిన మెరూన్ అయితే ఆ ఫైల్లోంచి ఇక వెనక్కి రావు. పైగా అలాంటి ఫైల్ వాట్సాప్‌లో పెడితే అది మళ్లీ కుదించి పంపుతుంది కదా, ఆ చారల చుట్టూ ఇంకా మురికి మురికిగా గింజలు చేరతాయి.

అందుకని అడ్వాన్స్ ఇచ్చేముందే మూడు సంగతులు మాట్లాడుకుని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టించుకోండి. షార్పెనింగ్ వెయ్యని ఫుల్ సైజు ఫైళ్లు కూడా అదే రేటులో ఇవ్వాలి. వెబ్ ఫైళ్లకి ఆల్బమ్ యాక్షన్ వాడకూడదు. అన్నీ బ్యాచ్‌లో పెట్టేముందు ఒకే ఒక్క ఫోటో చిన్న సైజులో చేసి శాంపిల్ చూపించాలి. ఆ శాంపిల్‌ని వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, కంప్యూటర్లో 100 శాతంలో తెరిచి అసలు బట్టని పక్కన పెట్టుకుని అంచు దగ్గర చూడండి. తెల్ల చార కనబడితే రేడియస్ తగ్గించి మళ్లీ చెయ్యమనండి. అది చూసి సరేనన్నాకే బ్యాలెన్స్ ఇవ్వండి.