వరుస ఎత్తు సర్దుబాటు: టైపు చేస్తే సరే, దిగుమతి చేస్తే తంటా

ఎక్సెల్ స్ప్రెడ్‌షీట్‌ను కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాను. గడిలో పొడవైన వాక్యం కింది పంక్తిలోకి మడతపడితే వరుస ఎత్తు దానంతట అదే పెరగడం నాకు మొదటినుంచీ ఎంతో నచ్చింది. అయితే అది మనం టైపు చేసిన పాఠానికి వర్తించే మెప్పు. బయటినుంచి వచ్చిన ఫైలు విషయంలో నాకు ఆ నమ్మకం పోయింది.

ఫిర్యాదుల పట్టికను మరో ప్రోగ్రామ్ నుంచి దిగుమతి చేసుకున్నాను. ఒక గడిలో ‘యంత్రం మార్చి ఇచ్చారు’ అని కనిపించింది. సమస్య తీరిందనే ఎవరైనా అనుకుంటారు. గడి మీద నొక్కితే పైనున్న పట్టీలో మిగతాది కనిపించింది: ‘కానీ వారానికే పాత లోపం తిరిగి వచ్చింది’. కింద ఇంకా పాఠం ఉందని చెప్పే చుక్కలుగానీ గుర్తుగానీ ఏవీ లేవు. నాకు కోపం తెప్పించింది ఇదే.

పాఠాన్ని మడిచే Wrap Text అమరిక ఆ గడిలో ఉంది. మరి ఎత్తు ఎందుకు పెరగలేదు? .xlsx ఫైలు నిజానికి ఒక జిప్ మూట. దాన్ని విప్పి, షీటు తాలూకు ఎక్స్‌ఎంఎల్ చూస్తే ప్రతి వరుసకూ ఇలా ఉంది:

```
<row r="14" ht="15" customHeight="1">
```

అంటే ఎత్తు 15 పాయింట్లని, దాన్ని మనిషే కావాలని నిర్ణయించాడని ఫైలు చెబుతోంది. పంపిన ప్రోగ్రామ్ ఆ గుర్తు పెట్టేసింది, స్ప్రెడ్‌షీట్ దాన్ని గౌరవించింది. అసలు ఎత్తే రాయకుండా వదిలేసి ఉంటే తెరిచేటప్పుడు తానే లెక్కగట్టుకునేది. ఫైలు విప్పకుండానే దీన్ని పోల్చుకోవచ్చు: గడిలో మరో వాక్యం చేర్చి ఎంటర్ నొక్కినా వరుస కదలకపోతే ఎత్తు బిగిసిపోయినట్టే.

షీటంతా ఎంచుకుని, ఎడమవైపు ఏవైనా రెండు వరుస సంఖ్యల మధ్య గీత మీద రెండుసార్లు నొక్కితే వరుసలన్నీ విచ్చుకున్నాయి. మెనూలోని AutoFit Row Height చేసేదీ ఇదే. బిగింపు గుర్తు కూడా పోతుంది కాబట్టి తర్వాత టైపు చేసినా ఎత్తు పెరుగుతుంది.

కొన్ని వరుసలు మాత్రం మొండికేశాయి. అక్కడ మూడు గడులను కలిపేశారు. కలిపిన గడుల పాఠాన్ని ఈ సర్దుబాటు లెక్కలోకే తీసుకోదు. మూడు కాలమ్‌ల వెడల్పు 20 చొప్పున ఉంది కాబట్టి, పక్కన 60 వెడల్పున్న ఖాళీ కాలమ్‌లో అదే పాఠం అతికించి, మడత పెట్టి, సర్దుబాటు చేశాను. ఎత్తు 75 వచ్చింది. ఆ కాలమ్ తీసేసి 75 అని చేత్తో ఇచ్చాను. దాంతో ఆ వరుస మళ్లీ బిగిసిపోయింది. పాఠం మారితే మళ్లీ ఇదే పని.

ఒక వరుస ఎత్తు 409 పాయింట్లు దాటదు కాబట్టి మరీ పొడవైన ఫిర్యాదు ఎలాగూ తెగుతుంది. నా పనంతా ఇతరులు పంపిన పొడవాటి పాఠంతోనే కాబట్టి నాకు ఇది పెద్ద లోటు. సొంతంగా టైపు చేసుకునేవారికి బహుశా ఎదురే కాదు. వేరే ప్రోగ్రామ్‌కు మారే ఆలోచన నాకు లేదు, కానీ దిగుమతి చేసిన ఏ షీటునైనా ఆ గీత మీద నొక్కాకే చదువుతున్నాను.