జాగ్రత్త: ఏటీఆర్ స్టాప్‌లాస్ పేరుతో అమ్ముతున్నది అన్ని షేర్లకూ ఒకటే 2 శాతం

బెంగళూరు మారతహళ్లిలో ఆదివారాలు తెలుగులో ట్రేడింగ్ క్లాసు పెట్టి, దాంతోపాటు ఒక ఇండికేటర్ కూడా అమ్ముతున్నారు. నేను 12,000 కట్టి తీసుకున్నాను. షేరు ధర ఎంతకు పడితే అమ్మేసి బయటపడాలో ముందే పెట్టుకునే గీత స్టాప్‌లాస్. షేరు రోజుకు సగటున ఎంత ఊగుతుందో చెప్పే లెక్క ఏటీఆర్. ‘షేరు ఎంత ఊగుతుందో చూసి ఏటీఆర్‌తో స్టాప్‌లాస్ అదే పెడుతుంది’ అని చెప్పారు. అది నిజం కాదు. కట్టబోయేవాళ్లు ఇది చదివి నిర్ణయించుకోండి.

మొదటి నెల రెండు షేర్లు కొన్నాను. ఒకటి పెద్ద ప్రైవేటు బ్యాంకు, ఇంకోటి చిన్న కెమికల్ కంపెనీ. రెండూ 500 దగ్గరే. రెండింటికీ ఇండికేటర్ 490 దగ్గర గీత గీసింది. ట్రేడుకు 4,000కు మించి పోకూడదని నా లెక్క కాబట్టి చెరో 400 షేర్లు తీసుకున్నాను. కెమికల్ షేరు మర్నాడే 488 దాకా దిగి నన్ను బయటికి నెట్టేసింది. అదే సాయంత్రం 499 దగ్గర ముగిసింది, రెండు వారాల్లో 541కి వెళ్లింది. ఆ నెలలో ఇలాంటివి ఇంకో మూడు జరిగాయి. తప్పు నాదే అనుకుని నిద్ర పట్టేది కాదు.

కె.ఆర్.పురంలో ఉండే మా బావ అకౌంట్స్ మనిషి. స్క్రీన్ చూసి ఒక్క మాట అడిగాడు: “ఒరేయ్, అది నిదానంగా నడిచే బ్యాంకు, ఇది ఎగిరిపడే షేరు. రెండింటికీ పది రూపాయలే ఎలా వచ్చిందిరా?”

ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. ఒక రోజు ట్రూ రేంజ్ అంటే ఆ రోజు తాకిన గరిష్ఠ ధర హైకీ, కనిష్ఠ ధర లోకీ తేడా ఒక్కటే కాదు. నిన్నటి ముగింపు నుంచి ఇవాళ్టి హై ఎంత దూరం, లో ఎంత దూరం అన్నవి కూడా చూసి, మూడింటిలో పెద్దది తీసుకోవాలి. కెమికల్ షేరు ఒక రోజు 492 దగ్గర ముగిసి, మర్నాడు గ్యాప్‌తో తెరుచుకుని 497కీ 509కీ మధ్య తిరిగింది. హై, లో తేడా 12. కానీ నిన్నటి ముగింపు నుంచి హై దాకా 17. కాబట్టి ట్రూ రేంజ్ 17. ఇలా 14 రోజులకు సగటు తీస్తే 17.4 వచ్చింది. చార్టులో మామూలు ఏటీఆర్ 18 చూపించింది. ఆ కొద్ది తేడా తప్పు కాదు. ఈ పద్ధతి 1978లో రాసిన వెల్స్ వైల్డర్ పాత సగటును 13తో గుణించి, కొత్త రోజును కలిపి, 14తో భాగిస్తాడు. సెట్టింగుల్లో RMA అని కనబడేది అదే.

బ్యాంకు ఏటీఆర్ 6 వచ్చింది. అంటే పది రూపాయల స్టాప్ బ్యాంకుకు ఒకటిన్నర రోజుల ఊపుకన్నా ఎక్కువ, కెమికల్‌కు ఒక్క రోజు ఊపుకు కూడా చాలదు. ఏటీఆర్‌కు రెండింతలు పెడితే బ్యాంకు స్టాప్ 488, కెమికల్‌ది 464 అవ్వాలి. మిగతా షేర్లలోనూ స్టాప్ దూరాన్ని ధరతో భాగించి చూశాం. ప్రతిదాంట్లోనూ సరిగ్గా 2 శాతమే.

క్లాసు నడిపే ఆయన్ను అడిగితే ఇచ్చిన జవాబు ఇంకా ప్రమాదం: “సెట్టింగుల్లో దూరం పెంచుకోండి.” షేర్ల సంఖ్య తగ్గించాలని చెప్పలేదు. నాతోపాటు చేరిన ఒకబ్బాయి స్టాప్‌ను 36 రూపాయల దూరానికి జరిపి అవే 400 షేర్లు ఉంచాడు. అది తగిలినప్పుడు 4,000 కాదు, 14,400 పోయింది. స్టాప్ వెడల్పయితే సంఖ్య తగ్గి తీరాలి. 4,000ను 36తో భాగిస్తే 111 షేర్లు. బ్యాంకుకైతే 12తో భాగించి 333. ఈ భాగహారం లేకుండా ఏటీఆర్ స్టాప్ పెట్టడం ఒట్టి 2 శాతం స్టాప్ పెట్టడం కన్నా చేటు.

464 పెట్టినా అన్నిసార్లూ నిలబడదు. ఏటీఆర్ గడిచిన రోజుల లెక్క. రాత్రి రిజల్ట్స్ వచ్చి పొద్దున 440 దగ్గర తెరుచుకుంటే అమ్ముడుపోయేది ఆ దరిదాపుల్లోనే. ఇంకొకటి: కొన్నాక ఏటీఆర్ పెరిగిందని స్టాప్‌ను కిందికి జరపకండి. అందుకే నేను కొన్న రోజు ఏటీఆర్‌నే రాసి పెట్టుకుంటున్నాను.

డబ్బు తిరిగివ్వనన్నారు. వచ్చే ఆదివారం కొత్త బ్యాచ్ ఉందట. వెళ్లేవాళ్లు కట్టకముందే ఒక నిదానమైన షేరు, ఒక ఎగిరిపడే షేరు తెరిపించి, రెండింటి స్టాప్ దూరాన్నీ ధరతో భాగించి చూడండి. రెండుచోట్లా ఒకే శాతం వస్తే లేచి వచ్చేయండి. మామూలు ఏటీఆర్ ఏ చార్టులోనైనా ఉచితంగానే ఉంటుంది.