రోబో చేతికి సర్వోలు కొంటున్నారా? పేజీలో రాసిన టార్క్ చూసి కొనకండి

తక్కువ ఖర్చులో రోబోటిక్ ఆర్మ్ కట్టుకునేవాళ్లు ఎంజీ996ఆర్ సర్వోలు ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. ఆ పేరుతో అమ్మే ప్యాక్ ఒకటి తీసుకున్నాను. 6 వోల్టుల దగ్గర 11 కేజీ-సెంటీమీటర్ల టార్క్ అని రాశారు. భుజం దగ్గర బిగించిన సర్వో ఖాళీ చేతిని లేపింది. గ్రిప్పర్‌లో 100 గ్రాముల వస్తువు పెట్టగానే మధ్యలో ఆగి వణికింది, కాసేపటికే చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. మోటారు తిరుగుతోంది కాబట్టి వెనక్కి తీసుకోం అన్నారు అమ్మినవాళ్లు.

ఆ 11 అనేది స్టాల్ టార్క్. అంటే మోటారు ఇక కదలలేక ఆగిపోయే చోటి లెక్క. ఆ బరువుతో అది పని చేయదు. నిలకడగా పని చేయాలంటే అందులో మూడో వంతుకు మించి ఆశించకూడదు. పైగా ఆ పేరుతో నకళ్లు చాలా వస్తాయి, వాటిలో ఆ 11 కూడా ఉండదు.

నా రోబో చేతి లెక్కే చూడండి. పొడవు 25 సెంటీమీటర్లు. చివర వస్తువు 100 గ్రాములు, గ్రిప్పర్ 80 గ్రాములు, కలిపి 180. పొడవుతో గుణిస్తే 4.5 కేజీ-సెంటీమీటర్లు. మధ్యలో ఉన్న మోచేతి సర్వో, ప్రింట్ చేసిన భాగాలు ఇంకో 1.4 దాకా కలుపుతాయి. మొత్తం దాదాపు 6. అసలు సరుకుకే ఇది భారం, నకలు ఎలా మోస్తుంది?

సర్వోలు రాగానే, వాపసు గడువు దాటకముందే ఈ పరీక్ష చేయండి. సర్వోను బల్లకు గట్టిగా బిగించి, దాని ఇరుసుకు తగిలించే హార్న్‌కు కర్ర కట్టి, ఇరుసు నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో అర కిలో నీళ్ల సీసా వేలాడదీయండి. కర్ర అడ్డంగా ఉన్నప్పుడు అది 5 కేజీ-సెంటీమీటర్ల భారం. కరెంటు మాత్రం ఆర్డుయినో పిన్ నుంచి ఇవ్వకండి. కనీసం 3 ఆంపియర్లు ఇచ్చే విడి సప్లై వాడండి, లేకపోతే తప్పు సర్వోదో సప్లైదో తేలదు. నాకు వచ్చినవాటిలో రెండు ఆ సీసాను లేపనే లేదు. వీడియో తీసి పెట్టుకోండి, వాపసు అడిగేటప్పుడు పనికొస్తుంది.

గేర్లలో లూజు కూడా చూడండి. ఒకే కోణానికి పైనుంచి ఒకసారి, కిందినుంచి ఒకసారి రప్పించండి. 25 సెంటీమీటర్ల చేతికి ఒక్క డిగ్రీ తేడా ఉంటే కొస 4 మిల్లీమీటర్లకు పైగా జరుగుతుంది. అంత తేడాతో చిన్న వస్తువులు పట్టడం కష్టం.

గ్రిప్పర్ విషయంలో నా మాట ఒక్కటే: బరువు తగ్గించండి. పెద్ద సర్వో పట్టే డిజైన్లు చూడటానికి బలంగా ఉంటాయి కానీ, ఆ సర్వో ఒక్కటే 55 గ్రాములు, అదీ చేతి కొసన. తేలికైన వస్తువులకు 9 గ్రాముల ఎస్‌జీ90 పట్టే పళ్ల చక్రాలు రెండు ఉండే డిజైన్ చాలు. దవడలకు రబ్బరులాంటి టీపీయూ మెత్తలు అంటించి, వస్తువు తగిలాక రెండు మూడు డిగ్రీలు మాత్రమే ఎక్కువ మూయించండి. పూర్తిగా మూయమని ఆదేశం ఇచ్చి వదిలేస్తే సర్వో స్టాల్‌లోనే ఉండి వేడెక్కుతుంది. 60 డిగ్రీల వేడి దగ్గర మెత్తబడే పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేసినదైతే సర్వో చుట్టూ ఉన్న చట్రం వంగిపోతుంది.