లోన్, షేర్ల బోర్డ్ రిజల్యూషన్లు రెడీమేడ్‌గా కొనేవాళ్ళు ఒక్కసారి ఇది చదవండి

మాది చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అండి, గానుగ నూనె వ్యాపారం. నేను, మా బావగారు ఇద్దరమే డైరెక్టర్లం, షేర్‌హోల్డర్లం కూడా మేమిద్దరమే. ఏప్రిల్‌లో కొత్త మెషీన్ కోసం బావ కంపెనీకి 15 లక్షలు అప్పుగా ఇచ్చాడు, నా ఫ్రెండ్ ఒకడు 6 లక్షలు పెట్టి షేర్లు తీసుకుంటానన్నాడు. ఈ రెండిటికీ రిజల్యూషన్లు, మినిట్స్ కావాలి కదా అని ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర 3,500 కట్టి "కంప్లీట్ సెట్" కొన్నాను. పేరు రాయను, రాస్తే ఇంకో పేరుతో వస్తాడు అంతే. కానీ ఆ సెట్‌లో ఏముందో చెప్తా, అలాంటిదే మీ చేతికొస్తే గుర్తుపడతారు.

రెండు గంటల్లో వాట్సాప్‌లో ఫైల్ వచ్చేసింది. అప్పుడే డౌట్ రావాల్సింది నాకు. ఎందుకంటే అతను మమ్మల్ని అడిగినవి కంపెనీ పేరు, డైరెక్టర్ల పేర్లు, డబ్బెంత, అంతే. మా ఆథరైజ్డ్ క్యాపిటల్ ఎంత అని అడగలేదు, షేర్లు తీసుకునేవాడు ఆల్రెడీ షేర్‌హోల్డరా కాదా అని అడగలేదు, బావ ఇచ్చిన డబ్బు ఎక్కడిదని అసలే అడగలేదు. ఈ మూడు తెలియకుండా ఈ రిజల్యూషన్లు ఎవరూ రాయలేరని జూన్ చివర్లో ఒక కంపెనీ సెక్రటరీ మేడం దగ్గరికి వెళ్ళాక గానీ తెలియలేదు.

ఆవిడ మొదటి పేజీ చూసి నవ్వారు. అప్పు రిజల్యూషన్‌లో "సెక్షన్ 293(1)(డి) ప్రకారం" అని, షేర్ల దాంట్లో "సెక్షన్ 81(1ఏ) ప్రకారం" అని ఉంది. అవి 1956 కంపెనీల చట్టం సెక్షన్లు అంట. ఇప్పుడు నడిచేది 2013 చట్టం, అందులో అప్పు తీసుకోవడం, షేర్లు ఇష్యూ చేయడం బోర్డ్ మీటింగ్‌లోనే పాస్ చేయాలని చెప్పేది సెక్షన్ 179(3), కొత్త షేర్లు ఎవరికి ఎలా ఇవ్వాలో చెప్పేది 62, బయటివాళ్ళకి ఇస్తే దానికి తోడు 42. సో మీ ఫైల్‌లో 81, 293 కనిపిస్తే ఆ టెంప్లేట్ పదేళ్ళ పైబడి పాతదని అర్థం, ఇంకేం చదవక్కర్లేదు.

ఇక షేర్ల సంగతి. మా ఆథరైజ్డ్ క్యాపిటల్ 10 లక్షలు, అందులో 5 లక్షలకి షేర్లు ఆల్రెడీ ఇచ్చేశాం. ఇతను 10 రూపాయల షేర్లు 60,000 అలాట్ చేసినట్టు రాశాడు, అంటే ఇంకో 6 లక్షలు, మొత్తం 11. పది లక్షల వరకే పర్మిషన్ ఉన్న కంపెనీ పదకొండు లక్షలకి షేర్లు ఎలా ఇస్తుంది? చిన్నపిల్లలు చేసే కూడిక, నేను కూడా చేయలేదు, తప్పు నాది కూడా ఉంది, ఒప్పుకుంటా. ముందు జనరల్ మీటింగ్ పెట్టి క్యాపిటల్ పెంచి SH-7 ఫారం వేయాలి, తర్వాతే అలాట్‌మెంట్.

దానికంటే పెద్దది ఇంకోటి. ఫ్రెండ్ మా కంపెనీలో షేర్‌హోల్డర్ కాదు. కాబట్టి బోర్డ్ ఒక్కటే కూర్చుని ఇచ్చేయడానికి కుదరదు. రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్ట్, షేర్‌హోల్డర్ల స్పెషల్ రిజల్యూషన్, దాన్ని MGT-14లో ఫైల్ చేయడం, ఆ తర్వాత వాడి పేరు మీద PAS-4 ఆఫర్ లెటర్, డబ్బు వేరే బ్యాంక్ అకౌంట్‌లోకి, అప్పుడు అలాట్‌మెంట్, అది అయిన 15 రోజుల్లో PAS-3 ఫారం ఫైల్ చేయడం. వరస ఇదీ. మాకిచ్చిన సెట్‌లో ఉన్నది చివరన ఉండాల్సిన అలాట్‌మెంట్ రిజల్యూషన్ ఒక్కటే, పునాది లేకుండా పైకప్పు వేసినట్టు. PAS-3లోనేమో MGT-14 నంబర్ అడుగుతుంది, మా దగ్గర అదెక్కడిది?

ఈలోపు ఫ్రెండ్ 6 లక్షలు ఏప్రిల్ 5న మా మామూలు కరెంట్ అకౌంట్‌లో పడ్డాయి, మేం మెషీన్ అడ్వాన్స్ కట్టేశాం కూడా. నిజానికి PAS-3 ఫైల్ అయ్యేదాకా ఆ డబ్బు ముట్టుకోకూడదు. పైగా డబ్బు అందిన 60 రోజుల్లో షేర్లు ఇవ్వాలి, లేదంటే ఆ తర్వాత 15 రోజుల్లో తిరిగిచ్చేయాలి, అదీ దాటితే 60వ రోజు నుంచి 12 శాతం వడ్డీ. మాకు 60 రోజులు జూన్ 4తో అయిపోయాయి, 15 రోజులు జూన్ 19తో. జూలై మొదటి వారంలో అక్కడా ఇక్కడా సర్ది వాడి డబ్బు వడ్డీ ఓ ఆరు వేలతో సహా తిరిగిచ్చాం. వాడు ఏమీ అనలేదు కానీ "షేర్లు ఏవిరా" అని అడిగినప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బావ అప్పు ఈజీ అనుకున్నాం, డైరెక్టరే కదా అని. డైరెక్టర్ ఇచ్చిన అప్పు డిపాజిట్ కింద లెక్క రాకుండా ఉండాలంటే "ఇది నేను ఎక్కడా అప్పు తెచ్చి ఇస్తున్నది కాదు" అని రాతపూర్వకంగా డిక్లరేషన్ ఇవ్వాలి, కంపెనీ ఆ అప్పు వివరాలు బోర్డ్ రిపోర్ట్‌లో చూపించాలి. మా సెట్‌లో ఆ కాగితమే లేదు. మేడం అడిగితే బావ నెమ్మదిగా బయటపెట్టాడు, 15లో 9 లక్షలు అక్క బంగారం తాకట్టు పెట్టి తెచ్చాడంట. అది నాకే తెలీదు. ఇప్పుడు ఆ డిక్లరేషన్ మీద సంతకం పెడితే అబద్ధం, పెట్టకపోతే డిపాజిట్. చివరికి ఆ 9 లక్షలు కంపెనీ నుంచి వెనక్కిచ్చి, మిగతా 6 లక్షలకి మాత్రం డిక్లరేషన్ తీసుకున్నాం. టైంకి తీసుకోనందుకు ఆ గొడవ వేరే ఉంది. అక్క ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడట్లేదు.

మినిట్స్ అయితే ఇంకా ఘోరం. డేట్ ఖాళీ వదిలి పంపి "ఏ డేట్ కావాలంటే అది వేసుకోండి సార్" అన్నాడు. నేను మార్చి 28 వేశాను, డబ్బు రాకముందే పాసైనట్టు ఉంటుందని. అందులో "డైరెక్టర్లు ఇద్దరూ స్వయంగా హాజరయ్యారు" అని ఉంది. మార్చి 28న బావ దోహాలో ఉన్నాడు, పాస్‌పోర్ట్‌లో స్టాంపులే సాక్ష్యం. ఇద్దరే డైరెక్టర్లున్న కంపెనీలో ఒకడు లేకపోతే కోరమే లేదు, అంటే మీటింగే జరగలేదు. వీడియో కాల్‌లో ఉన్నాడు అంటే కుదిరేది, కానీ నిజంగా కాల్ జరగాలి, జరిగినట్టే రాయాలి. మినిట్స్ మీటింగ్ అయిన 30 రోజుల్లో రాసి పేజీ నంబర్లతో బుక్‌లో ఎక్కించాలి, విడి కాగితాలు అంటించకూడదు. మినిట్స్ తారుమారు చేస్తే రెండేళ్ళ దాకా జైలు అని సెక్షన్ 118లోనే ఉందంట, అది వినగానే నాకు చెమటలు పట్టాయి. అదృష్టం, ఆ కాగితం అప్పటికి ఎక్కడా సబ్మిట్ చేయలేదు.

ఇప్పుడు మొత్తం మొదట్నుంచి చేయిస్తున్నాం, మేడం ఫీజు 3,500కి చాలా రెట్లు. జరిగిన ఆలస్యాల గురించి మేమే ముందు కంపెనీల రిజిస్ట్రార్ ఆఫీసు ఆర్వోసీకి రాసుకుంటే మంచిదన్నారు, ఆ అప్లికేషన్ రెడీ అవుతోంది. అమ్మినతనికి ఫోన్ చేసి రీఫండ్ అడిగితే "టెంప్లేట్ అని ముందే చెప్పాం కదా సార్, మార్చుకోవాల్సింది మీరే" అన్నాడు. ఫైల్ మూడో పేజీ కింద ఇంకా పూణె కంపెనీ ఒకదాని పేరు అలాగే ఉంది, కనీసం అది కూడా మార్చలేదు.