నాలుగేళ్లుగా వాడుతున్న మ్యూటెక్స్: ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ నా బోర్డులో ఏం మార్చింది

ఫ్రీఆర్‌టీఓఎస్‌లో ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ ఉన్న మ్యూటెక్స్‌ని నేను ఒక మోటారు కంట్రోల్ బోర్డులో నాలుగేళ్లుగా వాడుతున్నాను. అంతకు ముందు అదే చోట బైనరీ సెమాఫోర్ ఉండేది. రెండింటి మధ్య తేడా నాకు పుస్తకంలో చదివితే తెలియలేదు, బోర్డు రీసెట్ అవుతుంటే తెలిసింది.

ఆ బోర్డులో ముఖ్యంగా మూడు టాస్కులు ఉన్నాయి. మోటారు కంట్రోల్ ప్రయారిటీ 5, ప్రతి 10 మిల్లీసెకన్లకు నడవాలి. స్క్రీన్ గీసే టాస్క్ ప్రయారిటీ 3. ఉష్ణోగ్రత చదివి దాచుకునే లాగర్ ప్రయారిటీ 1. మోటారు టాస్కూ లాగరూ ఒకే ఐ2సి బస్‌ని పంచుకుంటాయి కాబట్టి దానికి ఒక లాక్ పెట్టాం. స్క్రీన్‌కి ఆ బస్‌తో సంబంధమే లేదు. అందుకే దాని మీద చాలా రోజులు అనుమానం రాలేదు.

రెండు మూడు రోజులకోసారి బోర్డు తనంతట తానే రీసెట్ అయ్యేది. మోటారు టాస్క్ 30 మిల్లీసెకన్లు పలకకపోతే వాచ్‌డాగ్ రీసెట్ చేస్తుంది, అదే జరుగుతోంది. డీబగ్ ప్రింట్లు పెడితే టైమింగ్ మారి సమస్య మాయమయ్యేది. ఆ వారం టెన్షన్ అంతా ఇంతా కాదు. చివరికి ఒక్కో టాస్క్‌కి ఒక్కో పిన్ కేటాయించి, టాస్క్ నడుస్తున్నంతసేపు ఆ పిన్ పైకి వెళ్లేలా చేసి, లాజిక్ అనలైజర్ తగిలించాను.

అనలైజర్ తెరమీద కనిపించింది ఇది. లాగర్ లాక్ తీసుకుంది, దాని పని 2 మిల్లీసెకన్లు. 1 మిల్లీసెకను గడిచేసరికి మోటారు టాస్క్ లేచి లాక్ అడిగింది, దొరకక ఆగింది. సరే, ఇంకో మిల్లీసెకనేగా. కానీ 1.3 దగ్గర స్క్రీన్ టాస్క్ లేచింది. లాగర్ కంటే దాని ప్రయారిటీ ఎక్కువ, కాబట్టి లాగర్‌ని పక్కకు తోసి 40 మిల్లీసెకన్లు బొమ్మ గీసింది. లాక్ లాగర్ చేతిలోనే ఉండిపోయింది. మిగిలిన 0.7 పూర్తిచేసి లాగర్ లాక్ వదలాలంటే, మోటారు టాస్క్ మొత్తం 41 మిల్లీసెకన్లు ఆగాలి. 30 దాటగానే వాచ్‌డాగ్ కరిచింది. ప్రయారిటీ 3 ఉన్న పని, ప్రయారిటీ 5 ఉన్న పనిని ఆపేసింది. ప్రయారిటీ ఇన్‌వర్షన్ అంటే ఇదే. 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ పదే పదే రీసెట్ కావడానికి కారణమూ ఇదే, భూమి నుంచి ఇన్‌హెరిటెన్స్ ఆన్ చేసి సరిచేశారు.

మా మార్పు ఇంతే:

```c
/* పాతది */
lock = xSemaphoreCreateBinary();
xSemaphoreGive(lock);

/* కొత్తది */
lock = xSemaphoreCreateMutex();
```

ఇప్పుడు మోటారు టాస్క్ లాక్ కోసం ఆగిన క్షణంలోనే, లాక్ పట్టుకున్న లాగర్‌కి ప్రయారిటీ 5 వస్తుంది. స్క్రీన్ టాస్క్ 1.3 దగ్గర లేచినా దాన్ని తోయలేదు. లాగర్ 2 దగ్గర లాక్ వదిలి, మళ్లీ 1కి దిగిపోతుంది. మోటారు ఆగింది 1 మిల్లీసెకను. ఆ రోజు నుంచి ఈ కారణంతో ఒక్క రీసెట్ కూడా చూడలేదు.

అయితే నన్ను ఇబ్బంది పెట్టినవీ ఉన్నాయి. లాగర్ కోడ్‌లో ఒకచోట, సెన్సర్ రీడింగ్ సిద్ధమయ్యేదాకా లాక్ వదలకుండానే, టాస్క్‌ని నిద్రపుచ్చే `vTaskDelay` పిలిచారు. నిద్రపోతున్న టాస్క్‌కి ఎంత ప్రయారిటీ ఇచ్చినా ఏం లాభం? అది లేచేదాకా మోటారు ఆగాల్సిందే. లాక్ వదిలి, ఆగి, మళ్లీ తీసుకునేలా మేమే మార్చుకోవాల్సి వచ్చింది. ఇన్‌హెరిటెన్స్ తగ్గించేది మధ్యలో దూరినవాడి వల్ల వచ్చే ఆలస్యాన్ని మాత్రమే. లాక్ పట్టుకున్నవాడి సొంత ఆలస్యం అలాగే ఉంటుంది.

ఇంకోటి, తీసుకున్న టాస్కే మ్యూటెక్స్‌ని తిరిగివ్వాలి, ఇంటరప్ట్ నుంచి ఇవ్వకూడదు. "డేటా వచ్చింది" అని ఇంటరప్ట్ చెప్పే చోట మేం బైనరీ సెమాఫోరే ఉంచాం, అక్కడ అదే సరైనది. ఒకే టాస్క్ రెండు మ్యూటెక్స్‌లు పట్టుకుంటే, రెండూ వదిలేదాకా పెరిగిన ప్రయారిటీ మామూలుగా దిగదు. అందుకని ఒకదాని లోపల ఇంకోటి తీసుకోవడం దాదాపు మానేశాం. డెడ్‌లాక్ భయం కూడా అలాగే తగ్గింది.

లాక్ పట్టుకున్నంతసేపు పైకి వెళ్లే పిన్ ఒకటి ఇప్పటికీ బోర్డు మీద ఉంచాను. కొత్త కోడ్ చేరిన ప్రతిసారీ దాని వెడల్పు కొలుస్తాను. పోయినసారి కొలిచినప్పుడు అత్యధికంగా 2.1 మిల్లీసెకన్లు వచ్చింది.